"డబ్బు త్వరగా వెనక్కి రావాలి": వదులుగా చెప్పిన రిక్వైర్‌మెంట్‌ను టెస్ట్ చేయగలిగేలా మార్చడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

బిజినెస్ అనలిస్ట్‌గా, అంతకుముందు టెస్టర్‌గా పనిచేస్తూ జూనియర్ల నుంచి నేను పదే పదే విన్న ప్రశ్నలు ఇవి. అన్నిటికీ ఒకే ఉదాహరణతో జవాబు చెబుతాను. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులు నడిపే ఒక ట్రావెల్స్ వాళ్ళ వెబ్‌సైట్‌కు మేం టికెట్ రద్దు సదుపాయం చేసిపెట్టాం. ఓనర్ గారు మాకు ఇచ్చిన రిక్వైర్‌మెంట్ మొత్తం ఇదే: "ప్యాసింజర్ ఈజీగా టికెట్ క్యాన్సిల్ చేసుకోగలగాలి. డబ్బు త్వరగా వెనక్కి రావాలి. మన రూల్స్ ప్రకారం కటింగ్ ఉండాలి."

ఒక రిక్వైర్‌మెంట్ వదులుగా ఉందని ఎలా గుర్తుపట్టాలి?

కొన్ని మాటలు చూడగానే అనుమానం రావాలి. రిక్వైర్‌మెంట్ల రాతకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 29148లో వీటి జాబితా ఉంది. "వాడటానికి సులువుగా" లాంటి అభిప్రాయపు మాటలు, "అన్నిటికన్నా మంచి" లాంటివి, "దాదాపు ఎప్పుడూ" లాంటివి, "వీలైతే" అంటూ తప్పించుకునే దారి వదిలేవి, దేన్ని ఉద్దేశించిందో తెలియని "అది", "ఇది" — ఇలాంటివాటిని రాయవద్దంటుంది. పై మూడు వాక్యాల్లో "ఈజీగా", "త్వరగా" ఆ జాబితాకు సరిపోతాయి.

కానీ మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఆ రెండూ కాదు, "మన రూల్స్ ప్రకారం" అన్నది. చూడటానికి అది గట్టి మాటే. రూల్స్ నిజంగానే ఉన్నాయి, టికెట్ వెనక అచ్చువేసి ఉన్నాయి. బయలుదేరడానికి 12 గంటల ముందు రద్దు చేస్తే 15 శాతం కోత, ఆ తర్వాత 2 గంటల ముందు వరకు 50 శాతం, ఆపైన ఏమీ రాదు. అంకెలున్నాయి కదా, ఇక అడగాల్సింది ఏముంది అనుకుంటాం. అక్కడే దెబ్బ తింటాం.

కాబట్టి జాబితా చూసి మాటలు ఏరడం మొదటి వడపోత మాత్రమే. నేను చేసే అసలు పరీక్ష వేరు. ఆ వాక్యాన్ని ఇద్దరు టెస్టర్లకు విడివిడిగా ఇచ్చి, పాస్ అయ్యే ఒక కేసు, ఫెయిల్ అయ్యే ఒక కేసు రాయమంటాను. ఇద్దరూ రాసినవి ఒకదానితో ఒకటి పొసగకపోతే వాక్యం వదులుగా ఉన్నట్టే.

"త్వరగా అంటే ఎంత సేపు సార్?" అని నేరుగా అడగొచ్చు కదా?

అడగొచ్చు. జవాబు కూడా వస్తుంది. "వెంటనే" అని వస్తుంది.

అది ఆయన తప్పు కాదు. ఆయన ఇంతవరకూ ఆలోచించని దానికి అప్పటికప్పుడు అంకె చెప్పమంటున్నాం. నోటికొచ్చిన అంకె చెబుతారు, మనం అది రాసుకుంటాం, రెండు నెలల తర్వాత "నేను అలా అనలేదే" అంటారు. నిర్వచనం అడిగే బదులు జరిగిన సంగతి అడిగితే పని జరుగుతుంది. "డబ్బు ఆలస్యమైందని చివరిసారి ఎవరు గొడవ చేశారు? ఆ రోజు ఏం జరిగింది?" అని అడిగాం.

ఓనర్ గారు వెంటనే అకౌంట్స్ మేడమ్‌ని పిలిచారు. ఆవిడ చెప్పింది విన్నాక ప్రశ్నే మారిపోయింది. "మేం ఆ రోజే పంపేశామండీ. బ్యాంకులో పడటానికి వాళ్ళకు ఆరు రోజులు పట్టింది. ఈలోగా ఆయన రోజుకు రెండుసార్లు ఫోన్ చేశాడు, మా దగ్గర చూపించడానికేమో ఏమీ లేదు." ఇంకో సంగతి కూడా ఆవిడే చెప్పారు. వాళ్ళ పేమెంట్ గేట్‌వేలో రిఫండ్ డబ్బు ఆ పూట వసూళ్ళలోంచే వెళ్తుంది. పండగల తర్వాత రద్దులు ఎక్కువై, వసూళ్ళు తక్కువైన రోజున రిఫండ్లు ఆగిపోతాయి. ఆగిపోయినట్టు ఎవరికీ తెలియదు.

అంటే "త్వరగా"లో మూడు వేరు వేరు విషయాలున్నాయి. మనం గేట్‌వేకి పంపడం మన చేతిలో ఉంది. ప్యాసింజర్ ఖాతాలో పడటం బ్యాంకు చేతిలో ఉంది. మధ్యలో ఏం జరుగుతోందో ప్యాసింజర్‌కు తెలియడం మళ్ళీ మన చేతిలోనే ఉంది. టెస్ట్ చేయగలిగింది మొదటిదాన్నీ మూడోదాన్నీ మాత్రమే. అందుకే పాస్, ఫెయిల్ తేల్చే షరతులను, అంటే క్రైటీరియాను, ఇలా రాశాం:

రద్దు ఖాయమైన 10 నిమిషాల లోపు రిఫండ్ అభ్యర్థన గేట్‌వేకి చేరాలి. గేట్‌వే దాన్ని అంగీకరించగానే మొత్తం, రిఫరెన్స్ నంబర్, "5 నుంచి 7 పని దినాల్లో మీ ఖాతాలో జమ అవుతుంది" అనే మాటతో ఎస్ఎంఎస్ వెళ్ళాలి. గేట్‌వే తిరస్కరిస్తే ఆ రిఫండ్ అకౌంట్స్ వాళ్ళ "ఆగినవి" జాబితాలో కారణంతో సహా కనిపించాలి. ప్యాసింజర్‌కు "పంపాం" అనే ఎస్ఎంఎస్ వెళ్ళకూడదు.

ఆ చివరి రెండు వాక్యాలు ఓనర్ గారి మాటలో ఎక్కడా లేవు. కానీ మేడమ్‌కు కావలసింది అవే.

"ఈజీగా" అన్నదాన్ని ఎలా కొలుస్తారు? మూడు క్లిక్కుల్లో అయిపోవాలి అని రాస్తే సరిపోతుందా?

మూడు క్లిక్కులు అని రాస్తే టెస్ట్ చేయొచ్చు, నిజమే. అయితే టెస్ట్ చేయగలిగినంత మాత్రాన సరైనది అయిపోదు.

వాళ్ళ కాల్ సెంటర్‌లో అర పూట కూర్చున్నాం. క్యాన్సిలేషన్ గురించి వచ్చిన ఫోన్లలో క్లిక్కులు ఎక్కువయ్యాయని ఎవరూ అనలేదు. "ఓటీపీ రావట్లేదమ్మా" అన్నారు. ఎందుకని ఆరా తీస్తే తేలింది ఇది: డల్లాస్‌లో ఉన్న కొడుకు, గుంటూరు వెళ్ళే అమ్మానాన్నలకు టికెట్ బుక్ చేస్తాడు. ఓటీపీ బుక్ చేసినవాళ్ళ నంబర్‌కు వెళ్తుంది. ఇక్కడ మధ్యాహ్నం అమ్మానాన్న ప్రయాణం మానుకుంటే అక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది, కొడుకు నిద్రలో ఉంటాడు. అతను లేచి ఓటీపీ చెప్పేసరికి 12 గంటల గడువు దాటిపోయి 50 శాతం కోత పడుతుంది.

ఇక్కడ "ఈజీ" అంటే: బుక్ చేసినవారి నంబర్, ప్రయాణికుడి నంబర్ రెండూ ఉన్నప్పుడు ఓటీపీ ఏ నంబర్‌కు పంపాలో రద్దు చేసేవారే ఎంచుకోగలగాలి. లాగిన్ లేకుండా పీఎన్ఆర్‌తోనే రద్దు పేజీ తెరుచుకోవాలి. ఫోన్ ఏ దేశపు టైమ్‌లో ఉన్నా పేజీలో గడువు భారత కాలమానంలోనే కనిపించాలి. మూడిటికీ పాస్, ఫెయిల్ చెప్పొచ్చు. క్లిక్కుల సంగతి డిజైనర్‌కే వదిలేశాం.

అంకె ఉన్న రూల్‌ను కూడా ప్రశ్నించాలా? "12 గంటల ముందు" అని స్పష్టంగానే ఉందిగా?

ఉంది. ఎప్పటికి 12 గంటల ముందు?

ఒక బస్సు తీసుకుందాం. 14-03-2025 రాత్రి 10:30కి మియాపూర్‌లో బయలుదేరుతుంది. ఊళ్ళో అందరినీ ఎక్కించుకుంటూ ఎల్బీనగర్‌కు 12:15కి వస్తుంది. అప్పటికి తేదీ మారి 15 అయింది. టికెట్ ధర 800 రూపాయలు. ఎల్బీనగర్‌లో ఎక్కాల్సిన మనిషి 14వ తేదీ ఉదయం 11 గంటలకు రద్దు చేస్తే ఎంత రావాలి?

మియాపూర్ నుంచి లెక్కేస్తే 12 గంటల గడువు ఉదయం 10:30కే అయిపోయింది, వచ్చేది 400. ఎల్బీనగర్ నుంచి లెక్కేస్తే గడువు మధ్యాహ్నం 12:15 దాకా ఉంది, వచ్చేది 680. ఒకే టికెట్ మీద 280 రూపాయల తేడా. ఈ ప్రశ్నను ఆపరేషన్స్ మేనేజర్‌ను, ఓనర్‌ను, కాల్ సెంటర్ అమ్మాయిని విడివిడిగా అడిగాం. మేనేజర్ "బస్సు బయలుదేరే టైమే సార్, అదే కదా సర్వీస్ టైమ్" అన్నారు. కాల్ సెంటర్ అమ్మాయి "వాళ్ళ టికెట్ మీద ఉన్న టైమ్ చూసే చెబుతామండీ" అంది. టికెట్ మీద అచ్చయ్యేది బోర్డింగ్ టైమ్. అంటే ఇన్నేళ్ళుగా ఫోన్‌లో ఒక రూల్, ఆఫీసులో ఇంకో రూల్ నడుస్తున్నాయి. రెండూ "12 గంటల ముందే".

ఓనర్ గారు ఆ కాగితం మీద రెండు అంకెలూ చూసి కాసేపు మాట్లాడలేదు. చివరికి "టికెట్ మీద ఏముంటే అదే. లేకపోతే కస్టమర్ ఒప్పుకోడు" అన్నారు. బోర్డింగ్ టైమ్ ఖాయమైంది.

అర్ధరాత్రి దాటిన బోర్డింగ్‌తో ఇంకో తిప్పలుంది. బస్సు తేదీ 14, మనిషి ఎక్కే తేదీ 15. కోడ్‌లో సర్వీస్ తేదీకి బోర్డింగ్ గంటను కలిపేస్తే 14వ తేదీ 00:15 అవుతుంది. సరిగ్గా ఒక రోజు వెనక్కి జరిగి, ఆ టికెట్ ఎప్పుడో గడువు దాటినట్టు చూపిస్తుంది. పగటి టైమ్‌లతో మాత్రమే టెస్ట్ చేస్తే ఇది ఎప్పటికీ దొరకదు. రాత్రి బస్సుల మీద పనిచేసేవాళ్ళు అర్ధరాత్రి దాటిన బోర్డింగ్‌తో ఒక ఉదాహరణ తప్పక పెట్టుకోండి.

తర్వాత హద్దు మీద అడగాలి. సరిగ్గా 12 గంటలైతే ఏ వైపు? ఇది "ప్యాసింజర్‌కు లాభం వచ్చే వైపు" అని అర నిమిషంలో తేలింది. ఆ వెంటనే మా టెస్టర్ అడిగిన ప్రశ్న మాత్రం అందరినీ ఆపేసింది: "12:14కి రద్దు నొక్కాడు, తెర మీద 680 చూపించాం. ఓటీపీ వచ్చేసరికి 12:16 అయింది. ఎంతిస్తాం?" చూపించిన మొత్తాన్ని 10 నిమిషాల పాటు మార్చకూడదని నిర్ణయించారు.

ఇవన్నీ రాసేటప్పుడు ఏ రూపంలో రాయాలి?

అందరికీ తెలిసినది Given-When-Then. ముందు పరిస్థితి, ఆపై జరిగిన పని, చివర కనిపించాల్సిన ఫలితం. దీన్ని చదివి నడిపించే Cucumber లాంటి టూల్స్‌లో తెలుగు మాటలకూ చోటుందని చాలామందికి తెలియదు. పైన `# language: te` అని పెడితే చాలు:

```gherkin
# language: te
గుణము: టికెట్ రద్దు

  కథనం: రద్దు సమయాన్ని బట్టి రిఫండ్
    చెప్పబడినది బోర్డింగ్ "15-03-2025 00:15", చెల్లించింది 800
    ఈ పరిస్థితిలో రద్దు పేజీని "<సమయం>"కి తెరిస్తే
    అప్పుడు తెర మీద రిఫండ్ <రిఫండ్> అని కనిపించాలి

    ఉదాహరణలు:
      | సమయం                | రిఫండ్ |
      | 14-03-2025 12:15:00 | 680    |
      | 14-03-2025 12:15:01 | 400    |
      | 14-03-2025 22:15:00 | 400    |
      | 14-03-2025 22:15:01 | 0      |
```

"చెప్పబడినది" అని ఇంట్లో ఎవరూ మాట్లాడరు, ఒప్పుకుంటాను. కానీ ఆ పట్టికను మేనేజర్‌కు చూపిస్తే ఆయన పెన్ను తీసి అంకెలు సరిచూశారు. అంతకుముందు పంపిన రెండు పేజీల డాక్యుమెంట్‌కు "ఓకే" అని మాత్రమే జవాబిచ్చిన మనిషి ఆయన. ఓనర్, మేనేజర్ లాంటి స్టేక్‌హోల్డర్ తప్పు పట్టగలిగే రూపంలో ఉండటమే ముఖ్యం, టూల్ ఉన్నా లేకపోయినా.

ఒక జాగ్రత్త. "నీలం బటన్ నొక్కితే", "డ్రాప్‌డౌన్‌లో ఎంచుకుంటే" అని క్రైటీరియాలో రాయకండి. డిజైన్ మారిన ప్రతిసారీ రూల్ మారినట్టు కనిపిస్తుంది.

"మీకు తెలుసు కదా, మీరే చూసుకోండి" అని స్టేక్‌హోల్డర్ అంటే?

చాలా మామూలుగా వినిపించే మాట. పెద్దాయన అలా అన్నాక మళ్ళీ అడగడం మర్యాద కాదేమో అని జూనియర్లు ఆగిపోతారు. అప్పుడు ప్రశ్న అడగకండి, లెక్క చూపించండి. కూపన్ విషయంలో మేం అదే చేశాం.

ఇద్దరికి టికెట్, 1,600 రూపాయలు. 1,500 దాటితే 150 తగ్గించే కూపన్ వాడారు, 1,450 కట్టారు. 12 గంటల కన్నా చాలా ముందే ఒక సీటు రద్దు చేశారు. ఎంత ఇవ్వాలి? మూడు జవాబులు రాసి పంపాం. సీటు అసలు ధర మీద లెక్కేస్తే 680. ఆ సీటుకు నిజంగా కట్టిన 725 మీద లెక్కేస్తే 616.25. ఒక సీటే మిగిలింది కాబట్టి కూపన్ చెల్లదంటే, మిగిలిన సీటుకు 800 పోను 650, అందులో కోత 120 పోతే 530.

"కూపన్ పాలసీ ఏంటి సార్?" అన్న మెయిల్‌కు వారం పాటు జవాబు లేదు. ఈ మూడు అంకెలు పంపిన పావుగంటలో ఓనర్ గారే ఫోన్ చేశారు. "680 ఎట్లా ఇస్తాం, కట్టిందే 725 అయితే? రెండోదే కరెక్టు. పైసలు ఎందుకు, 616 ఇచ్చెయ్యండి." పైసలను కిందికి సర్దాలన్న రూల్ కూడా అడగకుండానే వచ్చేసింది.

అప్పటికీ జవాబు రాకపోతే మనమే ఒకటి ఎంచుకుని, "ఫలానా తేదీలోపు మార్చమని చెప్పకపోతే దీని ప్రకారమే చేసేస్తాం" అని రాసి పంపాలి. ఊహను క్రైటీరియాలో కలిపేయకుండా పక్కనే "ఊహ" అని గుర్తు పెట్టాలి.

ఇద్దరు స్టేక్‌హోల్డర్లు రెండు రకాలుగా చెబితే?

మధ్యేమార్గం మనం కనిపెట్టకూడదు. ఇద్దరి జవాబులనూ ఒకే ఉదాహరణ మీద పక్కపక్కన పెట్టి, ఆ నష్టం ఎవరి ఖాతాలో పడుతుందో వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాలి. ఎవరు, ఏ రోజు నిర్ణయించారో క్రైటీరియా పక్కన ఒక ముక్క రాసుకోవాలి.

పేజీ "ఫాస్ట్‌గా ఉండాలి" అంటే ఎన్ని సెకన్లు రాయాలి?

యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 1993లో చెప్పిన హద్దులు ఇప్పటికీ మొదలుపెట్టడానికి పనికొస్తాయి. 0.1 సెకను లోపైతే వెంటనే జరిగినట్టుంటుంది, 1 సెకను వరకు ఆలోచన తెగదు, 10 సెకన్లు దాటితే మనిషి ధ్యాస వేరే పనికి పోతుంది. కానీ ఒట్టి "2 సెకన్లు" అని రాస్తే మళ్ళీ వదులే. ఎంతమంది ఒకేసారి వాడుతున్నప్పుడు, నూటికి ఎన్నిసార్లు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా కొలిచి — ఈ మూడూ ఉండాలి. మేం రాసింది: "ఒకేసారి 200 మంది రద్దు పేజీ తెరుస్తున్నప్పుడు, 100లో 95 సార్లు, సర్వర్‌కు అభ్యర్థన చేరినప్పటి నుంచి జవాబు బయల్దేరే దాకా 2 సెకన్లు మించకూడదు." ఆ 200 ఎక్కడిదంటే, సంక్రాంతి తర్వాతి వారం వాళ్ళ సర్వర్ లాగ్‌లో కనిపించిన అత్యధిక సంఖ్యకు రెట్టింపు.

ఒక్క ఫీచర్‌కు ఇన్ని ప్రశ్నలా? టైమ్ ఎక్కడుంటుంది?

మాకు పట్టింది మూడు మీటింగులు, ఒక్కోటి ముప్పావు గంట, కాల్ సెంటర్‌లో అర పూట. అన్ని ఫీచర్లకూ ఇంత అక్కర్లేదు. "మమ్మల్ని సంప్రదించండి" పేజీకి ఇలా కూర్చుంటే నవ్వుతారు. డబ్బు చేతులు మారే చోట, గడువు ఉన్న చోట, ఒక సీటు లాంటి వస్తువు ఇద్దరికి పోయే అవకాశమున్న చోట మాత్రం కూర్చోవాలి.

ఇంత చేసినా ఏదైనా తప్పిపోయిందా?

పోయింది. "రద్దైన సీటు వెంటనే మళ్ళీ అమ్మకానికి రావాలి" అన్న వాక్యంలో "వెంటనే"ను ఎవరమూ పట్టించుకోలేదు. అప్పటికప్పుడే రావడం అందరికీ మంచిదే కదా అనిపించింది.

లైవ్‌లోకి వెళ్ళిన రెండో వారంలో ఒక రాత్రి 9:30కి ప్యాసింజర్ల చార్ట్ వాట్సాప్‌లో బస్సు క్లీనర్‌కు వెళ్ళింది. 9:50కి ఎల్బీనగర్ ప్యాసింజర్ ఒకరు రద్దు చేశారు. బోర్డింగ్ 12:15కి కాబట్టి ఇంకా 2 గంటల 25 నిమిషాల సమయం ఉంది, రూల్ ప్రకారం సగం డబ్బు వెళ్ళింది. సీటు వెంటనే అమ్మకానికి వచ్చింది, 10:05కి ఇంకొకరు కొన్నారు. ఆయన ఎల్బీనగర్‌లో బస్సు ఎక్కితే క్లీనర్ చార్ట్ చూసి "మీ పేరు లేదు సార్" అని దింపేశాడు. ఆయన ఫోన్‌లో మా వెబ్‌సైట్ ఇచ్చిన టికెట్ చూపిస్తూనే ఉన్నాడు.

గడువును మియాపూర్ టైమ్‌తో లెక్కేసి ఉంటే 8:30కే రిఫండ్ ఆగిపోయేది, చార్ట్ వెళ్ళాక ఎవరూ రద్దు చేసేవాళ్ళు కాదు. బోర్డింగ్ టైమ్‌కు మార్చిన రోజు, పాత టైమ్ మీద ఇంకా ఏమేం ఆధారపడి ఉన్నాయని మేనేజర్‌ను అడగలేదు. చార్ట్ ఎప్పుడు వెళ్తుందో ఆయనకు తెలుసు. ఇప్పుడు ఆ క్రైటీరియా ఇలా ఉంది: చార్ట్ పంపకముందు రద్దైన సీటు 1 నిమిషం లోపు ఆన్‌లైన్‌లో కనిపించాలి. చార్ట్ పంపాక రద్దైన సీటు ఆన్‌లైన్‌లో కనిపించకూడదు, ఆ సీటు నంబర్ క్లీనర్ ఫోన్‌కు ఎస్ఎంఎస్‌గా వెళ్ళాలి.